పచ్చకామెర్ల పసరు గురించి అసైన్‌మెంట్‌లో ఎలా రాయాలి?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను ప్రజారోగ్యంలో పీజీ మొదటి ఏడాది చదువుతున్నాను. పల్లెల్లో నాటుమందుల వాడకం మీద అసైన్‌మెంట్ రాయాలి. మా పెదనాన్న ఊళ్లో పచ్చకామెర్లకు పసరు ఇస్తారు. చాలామందికి తగ్గడం చిన్నప్పటి నుంచి చూశాను. అదే రాస్తే మా అధ్యాపకురాలు "ఆధారం ఏది?" అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. అవన్నీ తీసేసి మళ్లీ రాస్తే, చదివిన మా అన్నయ్య "పెదనాన్నని మోసగాడిని చేశావు కదరా" అన్నాడు. ఆయన మర్యాద పోకుండా, ఆధారం తప్పకుండా ఎలా రాయాలి?

సమాధానం:

మీ రెండు ప్రతుల మీదా వచ్చిన అభ్యంతరాలు న్యాయమైనవే. మొదటి ప్రతి "తగ్గింది" అన్న మాటనే రుజువుగా తీసుకుంది. రెండోది ఊరివాళ్లు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో చెప్పకుండానే తీర్పు ఇచ్చేసింది. గౌరవాన్నీ ఆధారాన్నీ చెరి సగం కలిపితే ఈ చిక్కు తీరదు. జరుగుతున్న పనిని ఉన్నదున్నట్టు వర్ణించడం ఒక పని, వచ్చిన ఫలితానికి కారణం తేల్చడం మరో పని. మీ రెండు ప్రతుల్లోనూ ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి ఉంటాయని నా అనుమానం. వాటిని విడదీసి చూడండి.

ముందుగా "పల్లెల్లో నాటుమందులు" అన్న విస్తృతమైన అంశాన్ని వదిలేసి, ఒక జబ్బు, ఒక మందు, ఒక ప్రాంతం దగ్గర ఆగండి. పచ్చకామెర్లకు పసరు అన్నది చాలినంత పెద్ద విషయమే. అలాగే ఇలాంటి అసైన్‌మెంట్లలో దాదాపు ప్రతిదానికీ మొదటి వాక్యంగా కనిపించే "ప్రపంచ జనాభాలో 80 శాతం మంది సంప్రదాయ వైద్యం మీద ఆధారపడతారు" అన్న లెక్కతో మొదలుపెట్టకండి. అది దశాబ్దాలుగా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ వస్తున్న స్థూలమైన అంచనా. మీ మండలంలో కామెర్లు వచ్చినవాళ్లు ముందు ఎవరి దగ్గరికి వెళతారో అది చెప్పదు. దాని బదులు మీరు మాట్లాడిన కుటుంబాల్లో ఎందరు ముందు పసరుకు వెళ్లారు, ఎందరు రక్తపరీక్షకు వెళ్లారు, ఎందరు రెండూ చేశారు అన్నది రాస్తే, సంఖ్య చిన్నదైనా అది మీదే అవుతుంది.

ఇక వర్ణన. గౌరవం ఎక్కువగా కనిపించేది ఇక్కడే, విశేషణాల్లో కాదు. "మూలికా మిశ్రమాన్ని ఇస్తారు" అని రాసేసి ముందుకు వెళ్లిపోవడం కంటే పెద్ద అగౌరవం లేదు. అల్లోపతి మందు గురించి రాసేటప్పుడు పేరు, మోతాదు, ఎన్ని పూటలు, ఎన్ని రోజులు అన్నవి రాస్తాం కదా, పసరుకూ అంతే శ్రద్ధ పెట్టాలి. తెలుగు నేల మీద కామెర్లకు ఎక్కువగా వినిపించే మొక్క నేల ఉసిరి. కొన్ని చోట్ల గుంటగలగర, మరికొన్ని చోట్ల ఆముదపు ఆకు పసరు వాడతారు. మీ ఊళ్లో ఏది వాడతారు, వేరుతో సహా పీకుతారా లేక ఆకు మాత్రమే కోస్తారా, పచ్చిగా నూరుతారా, దేనితో కలిపి ఇస్తారు, పరగడుపున ఎన్ని పొద్దులు ఇస్తారు, ఏం తినవద్దంటారు అన్నవన్నీ అడిగి రాయండి. "ఉసిరికాయంత ముద్ద, అరగ్లాసు మజ్జిగలో" అని చెబితే ఆ మాటను అలాగే ఉంచండి, కానీ నూరిన ముద్దను రెండు మూడు సార్లు చిన్న తక్కెడలో తూచి గ్రాములు పక్కన రాయండి. ఒకసారికీ మరోసారికీ తూకం రెట్టింపు తేడా వస్తే అది కూడా రాయదగిన విషయమే, ఎందుకంటే మోతాదు నిలకడగా లేని మందు మీద జరిగే ఏ అధ్యయనానికైనా అదే మొదటి ఇబ్బంది.

మొక్క గుర్తింపు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. నేల ఉసిరి అన్న ఒకే పేరు కింద మన పొలాల గట్ల మీద ఒకటికి మించిన మొక్కలు పెరుగుతాయి. ఫిలాంథస్ అమారస్‌కు ఆకుల వరుస కింద వేలాడే కాయ నున్నగా ఉంటుంది, దానికి చిన్న కాడ ఉంటుంది. ఫిలాంథస్ యూరినేరియాకు కాయ గరుకుగా, కాడ దాదాపు లేనట్టుగా కొమ్మకు అంటుకొని ఉంటుంది, కాండం తరచుగా ఎర్రబారి కనిపిస్తుంది. మన దేశంలో ఎన్నో రచనల్లో ఫిలాంథస్ నిరూరి అని రాసింది నిజానికి అమారస్. అంతర్జాలంలో బొమ్మ చూసి లాటిన్ పేరు అతికించకుండా, పూత, కాయ ఉన్న మొక్కను వేరుతో తీసి పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టి, దగ్గరి కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో చూపించి, ఎవరు గుర్తించారో పద్ధతి భాగంలో రాయండి. గుర్తింపు కుదరకపోతే "స్థానికంగా నేల ఉసిరి అని పిలిచే మొక్క" అని మాత్రమే రాయండి. అప్పుడు ఏ ప్రయోగ ఫలితాన్నీ ఆ మొక్కకు అన్వయించే హక్కు మీకు ఉండదు.

మాటల ఎంపికలో రెండు వైపులా జారుడు ఉంది. "అమాయక గ్రామీణులు", "మూఢనమ్మకం", "అవగాహన లేక" అన్న మాటలు చదివేవారికి మీరు అడగనేలేదన్న సంగతి చెబుతాయి. ఉదయం పసరు వేయించుకొని మధ్యాహ్నం పట్నంలో బిలిరుబిన్ పరీక్ష చేయించుకునేవాళ్లు మన పల్లెల్లో చాలామందే ఉన్నారు. వాళ్లకు అవగాహన లేదని ఎలా అంటాం? దూరం, కూలీ పోవడం, ఆసుపత్రిలో "దీనికి ప్రత్యేకమైన మందు లేదు, విశ్రాంతి తీసుకో" అని పంపేయడం, పసరు ఇచ్చేవారు డబ్బు అడగకపోవడం, ఇవన్నీ లెక్క చూసుకొని తీసుకున్న నిర్ణయాలు. అటువైపు "వేల ఏళ్లుగా నిరూపితమైన", "సహజమైనది కాబట్టి హాని లేని" అన్న మాటలు కూడా అంతే బద్ధకపు మాటలు. ఎక్కువ కాలంగా వాడుకలో ఉండడం ఒక మొక్కను పరీక్షించడానికి మంచి కారణమే కానీ, పరీక్ష ఫలితం కాదు.

ఇప్పుడు మీ అధ్యాపకురాలు అడిగిన ఆధారం. ముందుగా జబ్బు సహజంగా ఎలా నడుస్తుందో రాయాలి. పచ్చకామెర్లు అన్నది ఒక జబ్బు పేరు కాదు, లక్షణం. రక్తంలో బిలిరుబిన్ పెరిగితే కళ్లు, ఒళ్లు పచ్చబడతాయి. మన ప్రాంతంలో యువకులకూ పెద్దవాళ్లకూ ఉన్నట్టుండి వచ్చే కామెర్లకు తరచుగా కారణమయ్యే హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లు కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకుతాయి, ఎక్కువమందిలో కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. వీటికి ఆసుపత్రిలో కూడా సాధారణంగా విశ్రాంతి, ద్రవాలు, అనవసరమైన మందులు ఆపడం, మద్యం మానడం తప్ప ప్రత్యేక చికిత్స ఉండదు. అంటే ఇలాంటి రోగులకు మూడు పొద్దులు మజ్జిగ మాత్రమే ఇచ్చినా ఎక్కువమంది తేరుకుంటారు. మీ పెదనాన్నగారు చూసింది అబద్ధం కాదు, ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి నిజంగానే తగ్గింది. తగ్గడానికి కారణం పసరేనా అన్న ప్రశ్నకు మాత్రం ఆయన అనుభవం ఒక్కటే జవాబు చెప్పలేదు. పైగా తగ్గినవాళ్లు కొబ్బరికాయ పట్టుకొని మళ్లీ వస్తారు, విషమించినవాళ్లు పట్నం ఆసుపత్రికి పోతారు, వాళ్ల కబురు ఆయన దాకా రాకపోవచ్చు. ఇది ఆయన లోపం కాదు, ఒకచోట కూర్చొని చూసే ఏ వైద్యుడికైనా, ప్రైవేటు క్లినిక్ డాక్టరుకైనా, ఎదురయ్యే పరిమితే. ఈ మాటను ఇలాగే రాస్తే మీ అన్నయ్యకు కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను.

నేల ఉసిరి మీద ఆధారం అసలే లేదని రాయడం కూడా తప్పు. 1988లో మద్రాసు పరిశోధకులు ఫిలాంథస్ అమారస్ మీద చేసిన అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. శరీరంలో హెపటైటిస్ బీ వైరస్ నిలిచిపోయినవారికి ఎండబెట్టిన మొక్క పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉందని చూపే ఉపరితల యాంటిజెన్ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో అది ఒక్కరిలోనే జరిగింది. అంత పెద్ద తేడా అందరినీ ఆకర్షించింది. కానీ 1990లో థాయిలాండ్ పరిశోధకులు అదే పత్రికలో తమ రోగుల్లో అలాంటి ఫలితం రాలేదని రాశారు. తర్వాత 2011లో కొక్రేన్ సంస్థ ఈ జాతి మొక్కల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి పరిశీలించి, ఉత్తుత్తి మందుతో పోల్చినప్పుడు మేలు ఉందని నమ్మదగిన ఆధారం లేదని, చాలా ప్రయోగాల నాణ్యత బలహీనంగా ఉందని తేల్చింది. ఈ మూడింటినీ వరుసగా చెప్పండి. మొదటిదాన్ని మాత్రమే చెబితే ప్రచారం అవుతుంది, చివరిదాన్ని మాత్రమే చెబితే పరిశోధకులు ఈ మొక్కను ఎందుకు పట్టించుకున్నారో పాఠకుడికి తెలియదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ప్రయోగాలన్నీ దీర్ఘకాలిక హెపటైటిస్ బీ మీద, ఎండు పొడితోనో సారంతోనో, ఒక నిర్ణీత మోతాదుతో జరిగాయి. మీ ఊళ్లో ఇస్తున్నది బహుశా కొత్తగా వచ్చిన కామెర్లకు, పచ్చి ముద్ద, కొన్ని పొద్దులు. కాబట్టి ఆ ప్రయోగాలు మీ ఊరి పసరు పనిచేస్తుందనీ చెప్పవు, పనిచేయదనీ చెప్పవు. అసైన్‌మెంట్‌లో ఈ ఒక్క వాక్యం ఉంటే మీరు పత్రాల శీర్షికలు కాక పత్రాలే చదివారని దిద్దేవారికి తెలుస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 34 ఏళ్ల వ్యవసాయ కూలీకి వారం రోజుల జ్వరం, వాంతుల తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. పట్నం ల్యాబులో బిలిరుబిన్ డెసీలీటరుకు 9.2 మిల్లీగ్రాములు వచ్చింది, హెపటైటిస్ ఏ కొత్తగా సోకిందని చూపే ఐజీఎం పరీక్ష పాజిటివ్. రెండో వారంలో మూడు పొద్దులు పసరు తీసుకొని, నూనె, ఉప్పు, మాంసం మాని మజ్జిగన్నం తిన్నాడు. నాలుగో వారానికి బిలిరుబిన్ 1.8కి దిగింది. "నేల ఉసిరి పసరుతో అతని కామెర్లు నయమయ్యాయి" అని మీ మొదటి ప్రతి రాసి ఉంటుంది. "అతను శాస్త్రీయ ఆధారం లేని నాటువైద్యాన్ని ఆశ్రయించాడు" అని రెండోది రాసి ఉంటుంది. నేనైతే ఇలా రాస్తాను: "రోగి రెండో వారంలో మూడు రోజులు పసరు తీసుకున్నాడు, తనకు తగ్గడానికి అదే కారణమని చెప్పాడు. నాలుగో వారానికి బిలిరుబిన్ 9.2 నుంచి 1.8కి తగ్గింది. హెపటైటిస్ ఏ ఎక్కువమందిలో ఇంత కాలంలోనే సహజంగా తగ్గుతుంది కనుక, ఈ ఒక్క రోగి ఆధారంగా పసరు ప్రభావాన్ని వేరుచేసి చెప్పడం సాధ్యం కాదు. పసరు తీసుకున్నందువల్ల హాని జరిగినట్టు కూడా ఈ రోగిలో కనిపించలేదు." రోగి మాట రోగిదిగా, ల్యాబు మాట ల్యాబుదిగా, మీ మాట మీదిగా ఎవరిది వారికి ఉంది.

హాని గురించి రాసేటప్పుడు "నాటువైద్యం ప్రమాదకరం" అని మూటగట్టకండి. నేల ఉసిరి ముద్ద తాగడం ఒకటి, ముక్కులోనో కంట్లోనో పసరు పిండడం ఇంకొకటి, చేతి మీద వాత పెట్టడం మరొకటి. కంట్లో పసరు పోస్తే కంటికి పుండ్లు పడి చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది, వాత చీము పట్టవచ్చు, పసిబిడ్డకు వాత పెట్టడానికి ఏ సమర్థనా లేదు. మీ పెదనాన్నగారు ఇవేవీ చేయకపోతే ఆ మాట స్పష్టంగా రాయండి, ఆయనను చేసేవాళ్ల గాటన కట్టకండి. పథ్యం గురించి కూడా విడిగా రాయాలి. మద్యం మానమనడం ఆసుపత్రి సలహాతో సరిగ్గా కలుస్తుంది. కానీ వారాల తరబడి పప్పు, గుడ్డు, నూనె లేకుండా ఉండమనడానికి ఆధారం లేదు, అసలే బలహీనంగా ఉన్న మనిషికి అది చేటు.

కాలేయానికి వేసే మూలికే కాలేయాన్ని దెబ్బతీయగలదా అన్న ప్రశ్న కూడా వస్తుంది. కోవిడ్ కాలంలో తిప్పతీగ విపరీతంగా వాడిన తర్వాత, 2021లో ముంబై వైద్యులు ఆరుగురు రోగుల్లో కాలేయ వాపును గమనించి ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని తప్పుబట్టింది, రోగులు వాడిన మొక్కను వైద్యులు సరిగా గుర్తించలేదని అంది. ఈ వివాదంలో మీరు ఎవరి పక్షమూ చేరనక్కరలేదు. వైద్యులు ఏం చూశారు, మంత్రిత్వ శాఖ ఏం అభ్యంతరం చెప్పింది అన్నవి రెండూ రాయండి, చాలు. మొక్క గుర్తింపు ఎందుకంత ముఖ్యమో పైన నేను చెప్పినదానికి ఇది సాక్ష్యంగా కూడా పనికొస్తుంది.

కామెర్లలో అసలు ప్రమాదం చాలాసార్లు మొక్కలో కాక ఆలస్యంలో ఉంటుంది. మీ వ్యాసంలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వండి. నిండు నెలల్లో హెపటైటిస్ ఈ సోకిన గర్భిణుల్లో 20 నుంచి 25 శాతం వరకు మరణించే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణికి కామెర్లు కనిపిస్తే పసరు అయ్యేదాకా ఆగడానికి మూడు రోజులు కూడా లేవన్నమాట. పుట్టిన 24 గంటల లోపు బిడ్డ పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం పాకినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మనిషి మగతగా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా కాలేయం విఫలమవుతున్న సూచన. తెల్లటి మలం, ఒళ్లంతా దురద ఉంటే పిత్తవాహికలో రాయో గడ్డో అడ్డుపడి ఉండవచ్చు, దాన్ని ఏ పసరూ కదిలించలేదు. క్షయకు మందులు వాడుతున్నవారికి కామెర్లు వస్తే ఆ మందులే కారణం కావచ్చు, వెంటనే వైద్యుడికి చూపించాలి. పసరు ఇచ్చేవారిని "మీరు ఎవరికి ఇవ్వరు?" అని అడిగి చూడండి. అనుభవం ఉన్నవాళ్లు చాలామంది చంటిబిడ్డలనో, కడుపుతో ఉన్నవాళ్లనో, కాళ్లవాపు వచ్చినవాళ్లనో పంపేస్తారు. ఆయన చెప్పిన జాబితాను వైద్యశాస్త్రం చెప్పే జాబితా పక్కన పెట్టి, ఏవి కలిశాయో, ఏవి ఆయన దృష్టికి రాలేదో చూపిస్తే మీ అసైన్‌మెంట్‌లో దానికంటే పనికొచ్చే భాగం ఉండదు.

ఇది ప్రజారోగ్యం అసైన్‌మెంట్ కనుక ఇంకో సంగతి. ఒక వాడలో నీళ్ల పైపులోకి మురుగు కలిస్తే కామెర్లు వచ్చినవాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరకముందే పసరు ఇచ్చేవారి గడపలో కనిపిస్తారు. 2005లో హైదరాబాద్‌లో హెపటైటిస్ ఈ ప్రబలినప్పుడు కూడా తాగునీటిలో మురుగు కలవడమే కారణమని చెప్పారు. ఒకే వారంలో ఒకే వీధి నుంచి ముగ్గురు నలుగురు వస్తే ఆశా కార్యకర్తకు కబురు చేయమని పసరు ఇచ్చేవారిని కోరడం, దానికి ఆయన ఒప్పుకుంటారో లేదో అడిగి రాయడం ఆచరణలో పెట్టగల సిఫార్సు. "సంప్రదాయ వైద్యులను ఆరోగ్య వ్యవస్థలో కలుపుకోవాలి" అన్న ఊకదంపుడు వాక్యం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

నైతికత గురించి క్లుప్తంగా. ఎవరు మాట్లాడినా ముందు అనుమతి తీసుకోండి. ఊరి పేరు, మనిషి పేరు రాయకండి. మందులో ఒక మూలిక పేరు చెప్పనంటే "ఒక భాగాన్ని వెల్లడించలేదు" అని రాయండి, చాటుగా కనుక్కొని రాయకండి. మొక్కల జ్ఞానాన్ని వ్యాపారానికి వాడుకునే విషయంలో 2002 నాటి జీవ వైవిధ్య చట్టం ఉందని ఒక్క వాక్యంలో చెబితే చాలు.

చివరగా, మీ బంధుత్వం. మీ పెదనాన్నగారి గురించి మీరే రాస్తున్నారన్న సంగతి పద్ధతి భాగంలో దాచకుండా చెప్పండి: "సమాచారం ఇచ్చిన వ్యక్తి రచయితకు దగ్గరి బంధువు." ఆయన దగ్గరికి వచ్చిన రోగులతో మీరు మాట్లాడితే, ఇంటి అబ్బాయి ముందు "నాకు తగ్గలేదు" అని అనడానికి ఎవరికైనా మొహమాటం ఉంటుంది. అందుకని ఆ ముఖాముఖీలు మీ తరగతిలోని వేరే ఊరి స్నేహితుడి చేత చేయించండి. మీరు కూర్చోకుండా, వీలైతే పసరు ఇచ్చే ఇంటికి దూరంగా జరిగితే ఇంకా మంచిది. రాసిన వర్ణన భాగాన్ని మాత్రం పంపేముందు మీ పెదనాన్నగారికి చదివి వినిపించి, మొక్కలో, మోతాదులో, పథ్యంలో ఎక్కడైనా తప్పు రాశారేమో సరిచూడమనండి. విశ్లేషణ భాగం ఆయనకు నచ్చకపోవచ్చు. అది మీ పేరు మీద ఉంటుంది కాబట్టి దాన్ని మార్చమని ఆయన అడిగినా మార్చకండి, ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే పక్కన చేర్చండి.